రెండు గుడ్లు, వంద అంతస్తులు: పజిల్ ఇచ్చినవాళ్లు ఏం చూస్తారు

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో బీటెక్ ఫైనలియర్. వచ్చే నెల చెన్నైలో ఇంటర్వ్యూ ఉంది. పజిల్స్ కచ్చితంగా అడుగుతారని సీనియర్లు చెప్పారు. ఇంట్లో అయితే చేసేస్తాను, ఎదురుగా మనిషి కూర్చుంటే బుర్ర ఆగిపోతుంది. పైకి మాట్లాడుతూ ఆలోచించమంటారు, అది నాకు అసలు చేతకాదు. వాళ్లు నిజంగా చూసేది ఏంటి? జవాబు రాకపోతే అంతేనా?

జవాబు:

తమ్ముడూ, జవాబు పూర్తిగా రాకపోయినా నేను తీసుకోమని రాసినవాళ్లున్నారు. జవాబు చటుక్కున చెప్పినా వద్దని రాసినవాళ్లూ ఉన్నారు. చెన్నైలో, తర్వాత బెంగళూరులో కలిపి పదకొండేళ్లు ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేశాను. ఇప్పుడు తిరుపతి నుంచే పని చేసుకుంటూ, ఆదివారాలు మా మిద్దె మీద చుట్టుపక్కల పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాను. పది పజిల్స్ గురించి పైపైన చెప్పడం కన్నా ఒక్కదాన్ని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తేనే నీకు పనికొస్తుంది. పోయిన వేసవిలో చంద్రగిరి నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఇచ్చిన పజిల్ చెబుతాను. ఆ అమ్మాయి ఏం మాట్లాడిందో, అప్పుడు నా కాగితం మీద నేనేం రాసుకున్నానో రెండూ చెబుతాను.

పజిల్ పాతదే. వంద అంతస్తుల బిల్డింగ్ ఉంది. నీ దగ్గర ఒకేరకం గుడ్లు రెండు ఉన్నాయి. ఏదో ఒక అంతస్తు నుంచి మొదలుపెట్టి ఆ పైనుంచి ఎక్కడ వదిలినా గుడ్డు పగులుతుంది, దాని కింద ఎక్కడ వదిలినా పగలదు. ఆ అంతస్తు ఏదో ఎన్నిసార్లు వదిలి కనుక్కోగలవు?

నేను అడిగింది అంతే. కావాలనే కొంచెం లోటు ఉంచి అడిగాను. చాలామంది ఈ వాక్యం అయిపోగానే "యాభై నుంచి వేస్తాను సార్" అని మొదలుపెట్టేస్తారు. ఆ అమ్మాయి మాత్రం పెన్ను తీసి కాగితం మీద ఒక నిలువు గీత గీసి, కింద 1, పైన 100 అని రాసింది. తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. "పగలని గుడ్డును మళ్లీ వాడొచ్చా అన్నా? వందో అంతస్తు నుంచి వేసినా పగలకపోయే అవకాశం ఉందా? ఎన్నిసార్లు అంటే సగటున ఎన్నిసార్లనా, లేక మన అదృష్టం ఎంత బాగాలేకపోయినా అంతకు మించకూడదనా?"

మూడో ప్రశ్న దగ్గరే నేను మొదటి టిక్కు పెట్టుకున్నాను. ఈ పజిల్లో అసలు లోటు అక్కడే ఉంది. సగటు లెక్క వేరు, గరిష్ఠ లెక్క వేరు. ఏది కావాలో తెలియకుండా మొదలుపెట్టినవాడు సగం దూరం పోయాక దారి తప్పుతాడు. ఉద్యోగంలో కూడా పని చెప్పేవాళ్లు సగమే చెబుతారు. మిగతా సగం అడిగి తెలుసుకునే మనిషా, ఊహించుకుని రెండు వారాలు కోడ్ రాసేసే మనిషా అని చూడటానికే పజిల్‌ను అలా వదులుగా ఇస్తాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "ఏమైనా ప్రశ్న అడగాలంట" అని "గుడ్డు కోడిదా, బాతుదా" లాంటివి అడిగేవాళ్లు ఉంటారు. జవాబు మారితే నీ పద్ధతి మారేట్టు ఉంటేనే అది అడగదగ్గ ప్రశ్న. అడిగే ముందు మనసులో ఆ ఒక్క పరీక్ష పెట్టుకో.

నేను చెప్పాను: మళ్లీ వాడొచ్చు, వంద నుంచి కూడా పగలకపోవచ్చు, అదృష్టం బాగాలేకపోయినా మించని లెక్క కావాలి.

అప్పుడు తను, "ముందు ఒక్క గుడ్డే ఉందనుకుంటాను. ఉన్న ఒక్కటీ పగిలితే ఇంకేమీ చేయలేను కాబట్టి అంతస్తులు దాటేయడానికి లేదు. ఒకటి, రెండు, మూడు అని వరుసగా పోవాల్సిందే. గరిష్ఠంగా వంద" అంది. చూడు, ఇది పజిల్‌కు జవాబు కాదు. కానీ ఇందులోనే తాళం చెవి ఉంది. రెండో గుడ్డు మిగిలిన క్షణం నుంచి మనం ఇదే ఒంటిగుడ్డు పరిస్థితిలో ఉంటాం. సులువైన రూపాన్ని ముందు తీసుకోవడం, అందులో దొరికినదాన్ని దాచుకోవడం: నేను ఎప్పుడూ వెతికే అలవాటు ఇది.

తర్వాత యాభైతో చూసింది. "యాభై నుంచి వేస్తే పగిలింది అనుకుందాం. ఇక ఒకటి నుంచి నలభై తొమ్మిది దాకా ఒక్కొక్కటిగా పోవాలి. మొత్తం యాభై. వంద కన్నా మేలే గానీ ఇంకా ఎక్కువే." కొట్టేసింది. "పదేసి చొప్పున పోతే? పది, ఇరవై, ముప్పై... తొంభై దాకా పగలకుండా వందలో పగిలితే అప్పటికి పదిసార్లు అయింది. తొంభై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా ఇంకో తొమ్మిది. పంతొమ్మిది."

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆ అమ్మాయి కూడా ఆగింది. ఓ అర నిమిషం పెన్ను పంతొమ్మిది మీదే ఆడించింది. "పదకొండేసి వేస్తే? ఎనిమిదేసి వేస్తే?" అంటూ గబగబా లెక్కలు మొదలుపెట్టింది. గొంతు మారింది. నువ్వు చెప్పే బుర్ర ఆగిపోవడం ఇదే. నిజానికి బుర్ర ఆగలేదు, ఒకేచోట తిరుగుతోంది. ఒకే రకం ప్రయత్నాన్ని అంకెలు మార్చి మళ్లీ మళ్లీ చేయడం దాని గుర్తు. నీకు నువ్వు పట్టుకోగలిగిన గుర్తు కూడా అదే.

నేను చిన్న మాట అందించాను. "పది దగ్గరే పగిలితే నీకు మొత్తం ఎన్ని అవుతాయి?"

తను లెక్కేసింది. "ఒకటి, ఇంకో తొమ్మిది, పది." మళ్లీ కాగితం చూసుకుంది. "మొదట్లోనే పగిలితే పదే అవుతోంది, చివర్లో పగిలితే పంతొమ్మిది అవుతోంది. రెండింటికీ సమానంగా లేదు. పైకి పోయేకొద్దీ అప్పటికే కొన్నిసార్లు వేసేసి ఉంటాను కదా. అయితే పైన గుంపు చిన్నదిగా ఉండాలి."

అంతే, అది తెలిస్తే పజిల్ విడిపోయినట్టే. ఇందాక నేను ఇచ్చిన మాట గురించి చెప్పాలి. హింట్ ఇచ్చారంటే మార్కులు పోయాయని మీరు భయపడతారు. అది నిజం కాదు. హింట్ ఇచ్చేది కూడా మా చూడటంలో భాగమే. హింట్ విని "అవును సార్, అవును సార్" అని తన పాత దారిలోనే పోయేవాళ్లుంటారు. చెన్నైలో ఉన్నప్పుడు ఒక అబ్బాయికి ఇదే మాట మూడుసార్లు అందించాను. మూడుసార్లూ తల ఊపి మళ్లీ ఎనిమిదేసి, తొమ్మిదేసి అంటూ పోయాడు. లెక్కల్లో అతను చాలా చురుకు. అయినా పక్కన కూర్చుని పని చేసేటప్పుడు నా మాట ఇతనికి చేరదు అని రాయక తప్పలేదు. కాబట్టి ఎదుటివాళ్లు ఏదైనా అడిగితే, చేతిలో ఉన్న లెక్కను అక్కడే వదిలి వాళ్లు అడిగినదాన్ని నిజంగా చేసి చూడు. ఊరికే అడగరు.

తర్వాత ఆ అమ్మాయి చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. వందకు పోకుండా, "పది అంతస్తులతో ముందు చూస్తాను" అంది. నాలుగో అంతస్తు నుంచి వేస్తే, పగిలితే ఒకటి, రెండు, మూడు చూడాలి, మొత్తం నాలుగు. పగలకపోతే ఒక ప్రయత్నం ఖర్చయింది కాబట్టి ఈసారి మూడే ఎక్కాలి, ఏడు. ఏడులో పగిలితే ఐదు, ఆరు చూడాలి, మొత్తం మళ్లీ నాలుగే. పగలకపోతే రెండెక్కి తొమ్మిది, తర్వాత ఒకటెక్కి పది. ఎక్కడ పగిలినా నాలుగు దాటడం లేదు. `4+3+2+1 = 10` అని రాసి చుట్టూ గుండ్రంగా గీసింది.

ఇక వందకు అదే లెక్క. మొదటి మెట్టు x అనుకుంటే, x నుంచి ఒకటి దాకా కూడితే కనీసం వంద రావాలి. ఆ మొత్తం `x(x+1)/2`. పదమూడు పెడితే 91, చాలదు. పద్నాలుగు పెడితే 105, సరిపోతుంది. కాబట్టి పద్నాలుగుసార్లు. వేయాల్సిన అంతస్తులు 14, 27, 39, 50, 60, 69, 77, 84, 90, 95, 99, 100.

జవాబు వచ్చింది కదా అని అక్కడితో లేవలేదు. "105 వచ్చింది, నాకు కావాల్సింది వందే. ఐదు ఎక్కువ ఉన్నాయి. ఏమైనా తప్పు చేశానా?" అని తనే అడిగింది. నేను ఆ ప్రశ్ననే తిప్పి వేశాను. "అయితే మొదటిసారి పద్నాలుగు నుంచే వేయాలా?" కొంచెంసేపు చూసి చెప్పింది: మొదటి గుడ్డు పగలకపోతే మిగిలిన పదమూడు ప్రయత్నాలు 91 అంతస్తులకు సరిపోతాయి కాబట్టి తొమ్మిదో అంతస్తు నుంచి మొదలుపెట్టినా చాలు. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఏదైనా పరవాలేదు. ఇది చాలామందికి తెలియదు తమ్ముడూ. పద్నాలుగు, ఇరవై ఏడు అని వరుస కంఠతా పట్టినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తడబడతారు.

కంఠతా సంగతి వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెబుతాను. నేను కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో చెన్నైలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పోయాను. తెల్లవారుజామున బస్సెక్కి పోయి, ఆకలితో కూర్చున్నాను. ఇదే పజిల్ అడిగారు. ముందు రోజు రాత్రే చదివి ఉన్నాను. కొంచెం ఆలోచించినట్టు పైకి చూసి "పద్నాలుగు" అన్నాను. అడిగినాయన ఏమీ అనలేదు. "బిల్డింగ్ ముప్పై ఆరు అంతస్తులైతే?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. జవాబు ఎనిమిది, ఎనిమిది నుంచి ఒకటి దాకా కూడితే సరిగ్గా ముప్పై ఆరు. లెక్క ఎంత తేలికో చూడు. కానీ నా దగ్గర ఉన్నది అంకె ఒక్కటే, దాని వెనక కారణం లేదు. పైగా ఆలోచించినట్టు నటించానని ఆయనకు తెలిసిపోయింది. ఆ నటనే ఎక్కువ నష్టం చేసింది.

అందుకే, తెలిసిన పజిల్ వస్తే తెలుసని చెప్పేయ్. "ఇది నేను ముందే చూశాను సార్, కావాలంటే ఎందుకు అలా అవుతుందో వివరిస్తాను" అను. కొందరు వేరే పజిల్ ఇస్తారు, కొందరు వివరించమంటారు. నా కాగితం మీద నిజాయితీకి ప్రత్యేకంగా గడి ఉండేది కాదు గానీ, అలా చెప్పినవాళ్లను నేను మర్చిపోయింది లేదు.

ఇప్పుడు పైకి మాట్లాడుతూ ఆలోచించడం. నువ్వు దీన్ని క్లాసులో సెమినార్ ఇవ్వడంలా ఊహించుకుంటున్నావు, అందుకే భయం. మనుషులు ఆలోచిస్తూ మాట్లాడే మాటలను మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలం నుంచి పరిశీలిస్తున్నారు. ఎరిక్సన్, సైమన్ అనే ఇద్దరు 1980లలో దీని మీద చేసిన పని బాగా పేరున్నది. వాళ్లు చెప్పిన తేడా నాకు ప్రతి ఇంటర్వ్యూలోనూ కనిపించింది. మనసులో అప్పటికే మాటలుగా నడుస్తున్నదాన్ని బయటకు అంటే ఆలోచన చెడదు, కాస్త నెమ్మదిస్తుందంతే. కానీ ప్రతి అడుగుకూ ఎందుకు అలా చేస్తున్నానో ఎదుటివాడికి వివరించబోతే మాత్రం ఆలోచన దారే మారిపోతుంది. అంటే నువ్వు చేయాల్సింది పాఠం చెప్పడం కాదు. ఆ అమ్మాయి మాటలు మళ్లీ చూడు. "ముందు ఒక్క గుడ్డే ఉందనుకుంటాను." "వంద కన్నా మేలే గానీ ఇంకా ఎక్కువే." "రెండింటికీ సమానంగా లేదు." అన్నీ పొట్టి మాటలు. ఏం ప్రయత్నిస్తున్నానో ఒక మాట, ఏం తేలిందో ఒక మాట, ఎందుకు వదిలేస్తున్నానో ఒక మాట. మధ్యలో కూడికలు, తీసివేతలు చదివి వినిపించనక్కర్లేదు. అవి కాగితం మీద కనిపిస్తూనే ఉంటాయి.

మన వైపు పిల్లలకు ఇంకో కష్టం ఉంది. ఆలోచన తెలుగులో నడుస్తుంది, నోరు ఇంగ్లీషులో మాట్లాడాలి. అప్పుడు వాక్యం సరిచేసుకోవడానికే సగం బుర్ర పోతుంది, పజిల్‌కు మిగిలేది సగమే. దీనికి నాకు పని చేసిన ఉపాయం ఒకటే, మాటల భారాన్ని కాగితం మీదికి దించడం. నిలువు గీత, అంకెలు, కొట్టివేతలు, చుట్టిన సున్నాలు. బొమ్మ ఉంటే "దిస్ కేస్, టెన్. దిస్ కేస్, నైంటీన్. నాట్ ఈక్వల్" అన్నా చాలు. వ్యాకరణం చూసి ఎవరూ మార్కులు వేయరు, కనీసం పజిల్ అడిగినప్పుడు వేయరు. కాగితం వల్ల ఇంకో లాభం, టెన్షన్‌లో ముందుగా జారిపోయేది మనసులో పట్టుకున్న అంకెలే. రాసి ఉంటే అవి ఎక్కడికీ పోవు. ఫోన్లో, వీడియో కాల్‌లో అయితే "నేను కాగితం మీద రాసుకుంటున్నాను" అని ముందే చెప్పు. లేకపోతే నీ మౌనం అవతలివాళ్లకు లైన్ కట్ అయినట్టు ఉంటుంది.

అయితే మాట్లాడకుండా ఉండాల్సిన పజిల్స్ కూడా ఉన్నాయి. ఈ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. గుడ్ల పజిల్ మెట్టు మెట్టుగా తెగేది. మూడు స్విచ్చుల పజిల్ అలాంటిది కాదు. బయట మూడు స్విచ్చులు, మూసిన గదిలో ఒక బల్బు, ఒక్కసారే లోపలికి పోయి ఏ స్విచ్చు దానిదో చెప్పాలి. మొదటి స్విచ్చు కాసేపు వేసి ఆపేసి, రెండోది వేసి లోపలికి పోతావు. బల్బు వెలుగుతుంటే రెండోది, ఆరిపోయి వేడిగా ఉంటే మొదటిది, చల్లగా ఉంటే మూడోది. వెలుతురు గురించి ఆలోచించే మనిషికి వేడి గుర్తుకు రావాలి. అది లెక్కలో రాదు, ఉన్నట్టుండి తడుతుంది. స్కూలర్, ఓల్సన్, బ్రూక్స్ అనే పరిశోధకులు 1993లో చూపించింది ఇదే: ఉన్నట్టుండి తట్టాల్సిన సమస్యల్లో, ఆలోచనను మాటల్లో పెట్టమంటే విడదీయగలిగేవాళ్లు తగ్గారు. మెట్టు మెట్టుగా పోయేవాటిలో ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి అలాంటి పజిల్ వస్తే, "ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఆలోచించుకోవచ్చా సార్" అని అడిగి తీసుకో. అడగకుండా మౌనంగా ఉండటం వేరు, చెప్పి మౌనంగా ఉండటం వేరు. నిమిషం అయ్యాక ఏమీ తట్టకపోయినా, "వెలుతురు ఒక్కటే చూస్తే రెండు స్విచ్చులనే విడదీయగలను, మూడోదానికి ఇంకో గుర్తు కావాలి" అని అనగలిగితే నువ్వు ఎక్కడిదాకా వచ్చావో ఎదుటివాడికి తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే ఈ తట్టే రకం పజిల్స్‌తో మనిషి పనితనం తెలుస్తుందని నేను నమ్మను. 2013లో గూగుల్‌లో ఉద్యోగుల విభాగం చూసిన లాజ్లో బాక్, ఇలాంటి పజిల్స్ పనితీరును ఏమీ ముందుగా చెప్పలేకపోయాయని న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు. చాలా కంపెనీలు ఆ తర్వాత తగ్గించాయి, కొన్ని ఇంకా అడుగుతూనే ఉన్నాయి. అందుకే ఒక స్విచ్చుల పజిల్ రాకపోతే నీ గురించి నువ్వు ఏ నిర్ణయానికీ రావద్దు.

మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో కూడా చెబుతాను. అంకెలు మార్చి ఒకే పని మళ్లీ చేస్తున్నావని తెలియగానే పెన్ను కింద పెట్టు. పైకి ఇలా అను: "నాకు కచ్చితంగా తెలిసింది ఇది, తెలియంది ఇది." గుడ్ల పజిల్లో అయితే, "పంతొమ్మిదిలో అయిపోతుందని తెలుసు, అంతకన్నా తక్కువలో అవుతుందో లేదో తెలియదు." ఆ మాట అనేసరికి చేయాల్సింది కూడా మారుతుంది. తర్వాత అదే పజిల్‌ను పదికి, ఆరుకు, మూడుకు తగ్గించి చూడు. టైమ్ అయిపోయి పంతొమ్మిది దగ్గరే ఆగినా, "మొదట్లో పగిలితే పది, చివర్లో పగిలితే పంతొమ్మిది, ఈ తేడాను సరిచేయాలనిపిస్తోంది" అని చెప్పగలిగినవాళ్లను నేను తీసుకోమనే రాశాను. పద్నాలుగు అని చెప్పి కారణం చెప్పలేనివాళ్లను రాయలేదు.

ఈ నెలలో చేయాల్సింది కొంచెమే. వారానికి మూడు పజిల్స్ తీసుకో, ఎక్కువ వద్దు. జవాబు చూడకుండా ఇరవై నిమిషాలు కాగితం మీద చెయ్యి. ఫోన్లో నీ గొంతు రికార్డు చేసుకో, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకో. వాళ్లకు లెక్కలు రానక్కర్లేదు, మా అమ్మ నాకు అలాగే కూర్చునేది. తర్వాత విను. ఎక్కడ పది సెకన్లకు మించి ఏమీ చెప్పకుండా ఆగావో, ఎక్కడ ఒకే పని రెండోసారి చేశావో కాగితం మీద గుర్తు పెట్టుకో. జవాబు వచ్చాక దాంట్లో ఒక అంకె మార్చి మళ్లీ చెయ్యి: వంద బదులు ముప్పై ఆరు, రెండు గుడ్ల బదులు మూడు. మూడు గుడ్లకు వందలో తొమ్మిదిసార్లు చాలు. ఎందుకో నువ్వే తేల్చి ఇక్కడ రాయి, నేను చూస్తాను.